చిత్తూరులో మా వైండింగ్ షాపుకు ఒక పిల్లోడిని పనికి పెట్టుకుంటున్నా, ఈ ఉత్తరం చూసి చెప్పండి

కట్టమంచి వైండింగ్

అందరికీ నమస్కారం. చిత్తూరులో 22 ఏండ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతా ఉండాను. నేను, నా దగ్గర 14 ఏండ్లుగా ఉండే మేస్త్రీ, మా షాపంటే ఇంతే. మేస్త్రీకి కండ్లు తగ్గతా ఉండాయి. సన్న గేజి తీగ ఆనటం లేదంటాడు. ఆయన చెయ్యి ఆడతా ఉన్నప్పుడే ఒక పిల్లోడికి పని పట్టుబడాల. మాకు మోటార్లు తెచ్చే ఒక రైతు కొడుకు ఉండాడు. ఇంటర్ మధ్యలో నిలిపేసినాడు. షాపుకొచ్చినప్పుడల్లా కాయిల్ దగ్గరే నిలబడి చూస్తా ఉంటాడు. వాడినే తీసుకుందామనుకున్నా.

నేను పని నేర్చుకున్నప్పుడు నోటిమాటే, కాగితం లేదు. వాడికి అట్లా జరగకూడదని ఉత్తరం రాసినా. ఇచ్చే ముందు మీరొకసారి చదవండి. పేరు తీసేసినా.

> చిరంజీవి ........కి ఆశీస్సులు.
>
> నిన్ను మా షాపులో ట్రైనీగా తీసుకోవాలనుకుంటున్నాను. మీ నాయనతో మాట్లాడినాను, అయినా పని నీది కాబట్టి నీకే రాస్తున్నాను.
>
> పని ఒక సంవత్సరంలో నేర్పిస్తాను. మొదటి ఆరు నెలలు మోటార్లు విప్పడం, కడగడం, కాలిన కాయిల్ కోసి తీయడం, స్లాట్లు శుభ్రం చేయడం, పేపర్ కత్తిరించడం. ఆ తర్వాత ఫ్యాన్, మిక్సీ కాయిళ్లు చుట్టడం. సంవత్సరం చివరికి మోనోబ్లాక్. సబ్‌మెర్సిబుల్ రెండో ఏడాది.
>
> జీతం మొదటి ఆరు నెలలు నెలకు 6,000, తర్వాత ఆరు నెలలు 8,000. సంవత్సరం తర్వాత నీ చెయ్యి చూసి 12,000 నుంచి మాట్లాడుకుందాం.
>
> ఉదయం 9 నుంచి సాయంత్రం 7 వరకు. మధ్యాహ్నం గంటసేపు భోజనం. ఆదివారం సెలవు. మార్చి నుంచి జూన్ దాకా సీజను కాబట్టి రాత్రి కొంచెం ఆలస్యం అవుతుంది.
>
> నీ పొరపాటుతో మోటారు కాలితే రాగి ఖర్చు జీతంలో కోస్తాను. పదో తరగతి మార్కుల లిస్టు ఒరిజినల్ నా దగ్గర పెట్టాలి, సంవత్సరం అయినాక ఇస్తాను. రెండేళ్లు మా షాపులోనే చేయాలి.
>
> ఇష్టమైతే ఒకటో తేదీ వచ్చి చేరు.

పెనుమూరు రైతు

అన్నా, మా 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ ఈ సీజన్లోనే రెండుసార్లు కాలింది. వైండింగ్ చేసినాయన రాగి బాగలేదంటాడు, లైన్‌మేన్ని అడిగితే వోల్టేజీ అంటాడు. మీ దగ్గరికి తెస్తే గ్యారంటీ ఇస్తారా?

కట్టమంచి వైండింగ్

అన్నా, అది తర్వాత మాట్లాడదాం. కాలిన కాయిల్ పారేయొద్దు. విప్పిన స్టేటర్ ఉంటే నాలుగు పక్కలా ఫోటోలు తీసి పెట్టండి.

గిరింపేట మొబైల్స్

ఉత్తరం బాగుంది, కానీ జీతం దగ్గర ఎక్కువ ఆలోచించినారు. ట్రైనీ అని రాస్తే కనీస వేతనం వర్తించదు. అప్రెంటిస్ అని రాసుకుంటే ఇంకా మంచిది, స్టైపెండ్ సర్కారే ఇస్తుంది. మా బావమరిది కంపెనీలో అట్లాగే చేస్తా ఉండారు. రెండేళ్ల బాండు మాత్రం గట్టిగా రాయించండి. నా దగ్గర డిస్‌ప్లే మార్చడం నేర్చుకున్న పిల్లోడు ఎనిమిదో నెలలో ఎదురు వీధిలో షాపు పెట్టినాడు.

తిరుపతి రిటైర్డ్

కార్మిక శాఖలో 27 సంవత్సరాలు పనిచేసి రిటైర్ అయ్యాను. పై మిత్రుడు చెప్పినదాంట్లో సగం నిజం, మిగతా సగం వల్ల మీకు చిక్కు వస్తుంది.

అప్రెంటిస్‌కు కనీస వేతనం కాకుండా స్టైపెండ్ ఇవ్వవచ్చన్న మాట నిజమే. కానీ ఆ పేరు మనం కాగితం మీద రాసుకుంటే వచ్చేది కాదు. 1961 అప్రెంటిసెస్ చట్టం కింద ఒప్పందం పోర్టల్లో నమోదు కావాలి. అందుకు సంస్థలో కనీసం నలుగురు ఉండాలి. మీరు, మేస్త్రీ కలిపి ఇద్దరే, కాబట్టి ఆ దారి మీకు లేదు. ఉన్నవాళ్లకు కూడా ప్రభుత్వం ఇచ్చేది స్టైపెండ్‌లో ఒక వాటానే. మిగతాది యజమానే పెట్టుకోవాలి.

నమోదు లేనప్పుడు ఆ అబ్బాయి మీ షాపులో పనివాడే. ట్రైనీ అనండి, హెల్పర్ అనండి, చట్టం చూసేది పొద్దున వచ్చి మీరు చెప్పిన పని చేస్తున్నాడా లేదా అన్నదే. మోటారు కడిగితే మీకు పని జరిగినట్టే కదా. అందువల్ల నైపుణ్యం లేని పనికి ఉన్న కనీస వేతనం మొదటి నెల నుంచే ఇవ్వాలి. మీ రంగానికి, మీ ఊరికి ఎంతో చిత్తూరు లేబర్ ఆఫీసులో పట్టిక ఉంటుంది, అడిగి రాసుకోండి. కరువు భత్యం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మారుతుంది కాబట్టి ఏ నెల పట్టికో కూడా చూసుకోవాలి. మీరు రాసిన 6,000 దానికి చాలా కింద ఉంది.

రెండోది వేళలు. 9 నుంచి 7 అంటే పది గంటలు, భోజనం తీసేస్తే తొమ్మిది. ఆరు రోజులకు 54. వారానికి 48 దాటకూడదు. అంటే సీజను రాకముందే ప్రతి వారం ఆరు గంటలు ఎక్కువ పని చేయిస్తున్నారు, ఆ ఆరింటికి మీ ఉత్తరంలో పైసా లేదు.

కట్టమంచి వైండింగ్

సార్, మంచి మాట చెప్పినారు. 54 అవుతుందని నేను లెక్క వేసుకోలేదు. షాపు మేము తెరిచేది 9కి, మూసేది 7కి, అదే రాసేసినా. కానీ నా ఇబ్బంది కూడా వినండి. మొదటి ఆరు నెలలు వాడి చేతిలో నాకు ఆదాయం ఉండదు. ఒక్క స్టేటర్ తప్పు చుట్టినాడంటే మూడు కిలోల దాకా రాగి స్క్రాపు కింద పోతుంది. అందుకే 6,000 అనుకున్నా, వాడిని మోసం చేద్దామని కాదు.

ఐరాల వైండర్

నేను 16 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నా. ఇప్పుడు కోయంబత్తూరులో చేస్తున్నా. నాకు జీతం కంటే ముందు మీ మొదటి ఆరు నెలల మాట గుచ్చుకుంది.

నేను చేరినప్పుడు కూడా ఇట్లాగే చెప్పినారు. విప్పు, కడుగు, కోయి. రెండేళ్లు అదే చేసినా. కాలిన కాయిల్ కోసేటప్పుడు చుట్లు లెక్కబెట్టేది మా సేటు. కాయిల్ చేతిలోకి తీసుకుని అటు తిరిగి లెక్కపెట్టి, తన పాకెట్ బుక్కులో రాసుకుని జేబులో పెట్టుకునేవాడు. గేజి ఎంతో చెప్పేవాడు కాదు. తీగ చుట్ట నా ముందర వేసి చుట్టమనేవాడు, అంతే. నాలుగో ఏట నా చెయ్యి మేస్త్రీ చెయ్యి అంత స్పీడు. కానీ కొత్త స్టేటర్ ఒకటి ముందర పెడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఊరు విడిచి ఇక్కడికి వచ్చి, సగం జీతానికి చేరి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నా.

మా పనిలో విద్య అంతా కాయిల్ తీసేటప్పుడే ఉంది. ఎన్ని స్లాట్లు, ఒకటో స్లాట్లో దిగిన కాయిల్ ఎన్నో స్లాట్లో తేలింది, అంటే పిచ్చు ఎంత, కాయిల్‌కు ఎన్ని చుట్లు, ఎన్ని తీగలు కలిపి చుట్టినారు, స్టారా డెల్టానా, ఇవన్నీ కోయకముందే, కోసేటప్పుడే రాసుకోవాలి. కోసినాక ఎవరూ చెప్పలేరు. గేజి కొలిచేటప్పుడు తీగ మీది ఎనామిల్ కాల్చి, తుడిచి మైక్రోమీటర్ పెట్టాలి. ఎనామిల్ మీదనే కొలిస్తే తీగ ఒక గేజి లావుగా కనపడుతుంది. ఆ లెక్కన రాగి వేస్తే స్లాట్లో పట్టదు.

మొన్న మా దగ్గర ఒక పిల్లోడు 24 స్లాట్ల స్టేటర్లో 40 చుట్లు ఉండాల్సిన కాయిల్‌కు 36 వేసినాడు. చూసేదానికి కాయిల్ ముచ్చటగా ఉంది. స్లాట్లో సులువుగా దిగింది కూడా. ట్రయల్ వేస్తే గుర్రుమంటుంది, లోడు లేకుండానే క్లాంప్ మీటర్లో కరెంటు మామూలు కంటే బాగా ఎక్కువ చూపించింది. అట్లాగే పంపించి ఉంటే రెండు వారాల్లో కాలి వెనక్కి వచ్చేది. వాడికి చెయ్యి లేక జరిగింది కాదు, మొదటి కాయిల్ సగం తెగి ఉంటే దాన్నే లెక్కపెట్టుకున్నాడు. మూడు కాయిళ్లు లెక్కపెట్టి మూడూ కలిస్తేనే రాయాలని ఎవరూ చెప్పలేదు.

కాబట్టి అన్నా, మీ ఉత్తరంలో "మొదటి వారం నుంచే డేటా పుస్తకం నువ్వే రాయాలి, మేస్త్రీ సరిచూస్తాడు" అని రాయండి. ఆ ఒక్క వాక్యం ఉంటే వాడు కడిగినా కోసినా నేర్చుకుంటాడు.

కట్టమంచి వైండింగ్

తమ్ముడూ, నీ మాట నాకు బాగా తగిలింది. మా మేస్త్రీ దగ్గర అట్లాంటి పుస్తకాలు పదకొండు ఉండాయి, కొన్నిట్లో ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు. పిల్లోడి చేత రాయిస్తే షాపుకూ మంచిదే.

తిరుచానూరు తల్లి

నేను షాపు నడిపేదాన్ని కాదు, అయినా రాస్తున్నా. మార్కుల లిస్టు మాట తీసేయండి అన్నా. మా పెద్దోడు ఒక షాపులో చేరినప్పుడు ఒరిజినల్ తీసుకున్నారు. ఐటీఐలో సీటు వస్తే చేరేదానికి సర్టిఫికెట్ కావాల. అడిగితే ఏడాది నిండలేదన్నారు. వాడు మూడుసార్లు తిరిగినాడు, నేనొకసారి పోయి షాపు బయట నిలబడినా. ఇచ్చేసరికి గడువు తేదీ దాటిపోయింది. వాడు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఇంట్లో అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోతాడు.

ఇంకో మాట. సీజన్లో "కొంచెం ఆలస్యం" అంటే ఎంత? ఊరి పిల్లోడైతే చివరి బస్సు ఎన్నింటికో చూసి రాయండి. కొంచెం అని రాస్తే ఇంట్లో ఉన్నోళ్లకు రోజూ దిగులే.

గిరింపేట మొబైల్స్

అమ్మా, మీ బాధ అర్థమైంది. సర్టిఫికెట్ మాట నేను సమర్థించను. కానీ నేర్పించినోడు నష్టపోతే ఎవరు చూస్తారు? బాండు వద్దంటే ఇక ఎవరూ నేర్పరు.

తిరుపతి రిటైర్డ్

ఒరిజినల్ సర్టిఫికెట్ తీసుకోవద్దు. వయసుకు, చదువుకు జిరాక్సు చాలు. వయసు రుజువు మాత్రం తప్పకుండా ఫైల్లో పెట్టుకోండి. కరెంటు ఉన్న బెంచి దగ్గర పని కదా, 18 నిండాయో లేదో చూసి తీసుకోవాలి.

జీతంలో కోత గురించి. నేర్చుకునేవాడి చేతిలో రాగి పాడవడం నేర్పే ఖర్చులో భాగమే. నిర్లక్ష్యం వల్ల జరిగిందని మీరనుకున్నా, ముందు అతని మాట వినకుండా కోయడానికి లేదు. "పొరపాటు జరిగితే కోస్తాను" అని ముందే రాసిపెట్టిన వాక్యం మీకు రక్షణ కాదు. పైగా ఆ భయంతో పిల్లవాడు తప్పు దాచిపెడతాడు.

సీజన్లో ఎక్కువ గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి. లెక్క ఇట్లా వేయండి. సులువు కోసం నెలకు 13,000 అనుకుందాం. 26 పని దినాలతో భాగిస్తే రోజుకు 500. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 62.50. అదనపు గంటకు 125. రోజూ రెండు గంటల చొప్పున నెలలో పది రోజులు ఆగితే 20 గంటలు, అంటే 2,500. ఇది జీతంతో కలిపి ఏడో తేదీలోపు అందాలి. ఒక నోటు పుస్తకంలో ఏ రోజు ఎన్నింటికి వెళ్లాడో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

బాండు విషయంలో మాత్రం నేను ఖాయంగా ఒక మాట చెప్పను. ఇష్టం లేకపోయినా పని చేయాల్సిందేనని ఎవరినీ కూర్చోబెట్టలేరు. నిజంగా ఖర్చు పెట్టి నేర్పించి ఉంటే, ఆ ఖర్చు వరకు అడగవచ్చా అన్నదానికి దేని లెక్క దానిదే.

ఐరాల వైండర్

బాండు బదులు ఇంకో దారి ఉంది. మా ఇప్పటి ఓనరు ఏడాది నిండినాక ప్రతి స్టేటర్‌కు వైండింగ్ చార్జీలో కొంత వాటా ఇస్తాడు, జీతం కాకుండా. నేను ఇక్కడ తొమ్మిదేళ్లు ఉండేదానికి అదే కారణం. బాండు రాయించుకున్న చోట నుంచి నేను ఆరు నెలలకే వెళ్లిపోయినా.

గిరింపేట మొబైల్స్

కోయంబత్తూరు వేరు, చిత్తూరు వేరు. ఇక్కడ సీజను నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలు వాటా ఇచ్చేదానికి స్టేటర్లు ఎక్కడివి?

కట్టమంచి వైండింగ్

అదీ నిజమే. మార్చి నుంచి జూన్ దాకా బోర్లలో నీళ్లు దిగిపోయి మోటార్లు ఉత్తగా తిరిగి కాలతాయి. వానలు పడితే పని సగానికి పడిపోతుంది. వాటా మాట ఏడాది తర్వాత వాడితోనే కూర్చుని మాట్లాడతా.

పాత రాగి గురించి కూడా ఒకటి అడగాల. మోటారు నుంచి తీసిన కాలిన రాగి షాపులో మూటలు కట్టి పెడతాము. తూకం తగ్గితే కొత్తగా వచ్చినోడి మీదే అనుమానం పోతుంది. ఇది కూడా ఉత్తరంలో రాయాలా?

ఐరాల వైండర్

తప్పకుండా రాయండి. నన్ను ఒకసారి ఆ మాట అన్నారు. రెండు కిలోలు తగ్గిందని నలుగురి ముందర సంచి విప్పించినారు. తర్వాత తెలిసింది, తీసిన రోజు తూకం వేసినప్పుడు స్లాటు పేపరు, మసి కలిపి వేసినారు. తీసిన రోజే దులిపి, తూచి, మోటారు నంబరు పక్కన రాసేస్తే ఎవరి మీదా మాట రాదు.

కట్టమంచి వైండింగ్

నిన్న లేబర్ ఆఫీసుకు పోయి పట్టిక చూసుకున్నా. మేస్త్రీతో కూర్చుని ఖర్చు లెక్క వేసుకున్నా. సీజన్లో పని ఎక్కువై బయటి వైండర్‌కు పంపే స్టేటర్లు సగం మా దగ్గరే చేసుకుంటే ఆ జీతం భారం కాదని తేలింది. ఉత్తరం మళ్లీ రాసినా.

> చిరంజీవి ........కి ఆశీస్సులు.
>
> నువ్వు షాపుకొచ్చినప్పుడల్లా కాయిల్ దగ్గర నిలబడి చూడటం నేను గమనించినాను. ఆ పని నీకు నేర్పాలని ఉంది. నీకిష్టమైతే మా షాపులో చేరు.
>
> మొదటి వారం నుంచి ప్రతి మోటారు డేటా పుస్తకం నువ్వే రాస్తావు. స్లాట్లు, పిచ్చు, చుట్లు, గేజి, కనెక్షను. మూడు కాయిళ్లు లెక్కపెట్టి మూడూ కలిస్తేనే రాయాలి. మేస్త్రీ పక్కన సంతకం పెడతాడు. విప్పడం, కడగడం, స్లాటు పేపర్ వేయడం కూడా అప్పటి నుంచే ఉంటాయి, నేనూ మేస్త్రీ కూడా ఆ పనులు చేస్తూనే ఉంటాము. మూడో నెల నుంచి ఫ్యాన్ కాయిళ్లు, ఆరో నెల నుంచి ఒక హెచ్‌పీ మోటార్లు, పదో నెల నుంచి త్రీఫేజ్ మోనోబ్లాక్. సబ్‌మెర్సిబుల్ రెండో ఏడాది. మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడటం మొదటి నెలలోనే నేర్పిస్తాను, కానీ ట్రయల్ బెంచి మీద కరెంటు ఇచ్చేది మొదటి ఆరు నెలలు నేను గానీ మేస్త్రీ గానీ పక్కన ఉన్నప్పుడే. బూట్లు, గ్లౌజులు షాపు కొనిస్తుంది.
>
> జీతం మొదటి నెల నుంచి లేబర్ ఆఫీసు పట్టిక ప్రకారం. పట్టిక మారితే జీతం మారుతుంది. ఆరు నెలలకు, సంవత్సరానికి నీ పని చూసి పెంచుతాను. ప్రతి నెలా ఏడో తేదీలోపు నీ బ్యాంకు ఖాతాలో వేస్తాను.
>
> ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30, మధ్యలో గంట భోజనం. ఆదివారం సెలవు. సీజన్లో అవసరమైతే 8:30 వరకు, అంతకు మించి కాదు. ఆ గంటలకు రెట్టింపు ఇస్తాను. ఇంట్లో పని ఉంటే ఆగలేనని చెప్పవచ్చు. ఆగిన రోజు మీ ఊరి బస్సు తప్పితే నేనే బండి మీద దింపుతాను.
>
> నేర్చుకునేటప్పుడు పాడైన రాగికి నీ జీతం కోయను. తప్పు జరిగితే వెంటనే చెప్పు, దాచొద్దు. పాత రాగి తీసిన రోజే నీ ముందర, నా ముందర తూచి రాస్తాము. సర్టిఫికెట్లు జిరాక్సు ఇస్తే చాలు. మానేయాలనుకుంటే ఒక నెల ముందు చెప్పు, నేను మానిపించాలనుకున్నా అంతే.

తిరుపతి రిటైర్డ్

బాగుంది. రెండు కాపీలు తీసి ఇద్దరూ సంతకం పెట్టి, ఒకటి అతని దగ్గర ఉంచండి. "పట్టిక ప్రకారం" అన్న చోట ఈ నెల మొత్తం ఎంతో అంకెల్లో కూడా రాయండి. అంకె లేకపోతే ఆ పిల్లవాడికి ఎంత వస్తుందో తెలియదు.

తిరుచానూరు తల్లి

బస్సు సంగతి రాసినారు, సంతోషం అన్నా.

గిరింపేట మొబైల్స్

నెల నోటీసు సరిపోదని నేను ఇప్పటికీ అంటా. మే నెలలో చెప్పి జూన్‌లో వెళ్లిపోతే మీరేం చేస్తారు?

కట్టమంచి వైండింగ్

దానికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. అప్పుడు మేస్త్రీ, నేనే రాత్రిళ్లు కూర్చోవాలేమో.

నిన్న సాయంత్రం ఉత్తరం ఇచ్చినా. అంకె రాసే ఇచ్చినా. పిల్లోడు అక్కడే రెండుసార్లు చదివి, ఫ్యాన్ కాయిల్ మూడో నెల దాకా ఎందుకు, ముందే నేర్చుకుంటే ఇస్తారా అని అడిగినాడు. డేటా పుస్తకంలో పది మోటార్లు తప్పు లేకుండా రాస్తే ఇస్తానని చెప్పినా.

పెనుమూరు రైతు

అన్నా, నా ఫోటోలు పెట్టినా, చూసినారా? రెండు వరసలు నల్లగా ఉండాయి, ఒకటి మాత్రం కొత్తదాని మాదిరి ఉంది.

కట్టమంచి వైండింగ్

చూసినా అన్నా. మీది స్టార్ కనెక్షన్ అయితే రాగి తప్పు కాదు, వోల్టేజీ తక్కువై కాలినట్టూ లేదు. ఒక ఫేజు పోయినప్పుడు మోటారు మిగతా రెండింటి మీద తిరిగింది, అందుకే రెండే కాలినాయి. స్టార్టర్లో ఒక ఫేజు పోతే మోటారు ఆపే ప్రివెంటర్ పనిచేస్తా ఉందా, ఫ్యూజు గానీ కేబుల్ జాయింటు గానీ వదులైందా చూపించుకోండి, లేకుంటే మూడోసారి కూడా ఇట్లాగే కాలతాది. సోమవారం స్టేటర్ తీసుకురండి. ఆ రోజే మా పిల్లోడు చేరతా ఉండాడు, పుస్తకంలో మొదటి పేజీ దాన్నే రాయిస్తా.